పది మార్కుల ప్రశ్న

టైల్స్ షాపు పైన రెండో అంతస్తులో ఉద్యోగ పరీక్షలకు తయారుచేసే కోచింగ్ సెంటరు ఉంది. అక్కడ భూగోళం చెప్పే ఆవిడను పిల్లలందరూ చక్రాల మేడమ్ అంటారు. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ, దాన్ని పట్టించుకున్న పాపాన ఎవరూ పోలేదు. ఏ పాఠమైనా సరే, బోర్డు మీద ఒక గడి గీసి, అక్కడి నుంచి బాణం, బాణం చివర ఇంకో గడి, ఇలా చుట్టూ తిప్పుకొచ్చి మళ్ళీ మొదటి గడి దగ్గర ఆపడం ఆవిడ అలవాటు. చేతికి అంటిన సుద్ద చీర కుచ్చిళ్ళకు అంటుతుంది, అక్కడి నుంచి బస్సు సీటుకు అంటుతుంది. సెంటరు నుంచి ఇంటిదాకా ఆవిడ ఆనవాళ్ళు పట్టుకుని ఎవరైనా రావచ్చు.

ఆ సెంటరులో ఆవిడకు పెద్ద పేరు తెచ్చింది వాతావరణ మార్పుల పాఠం. అందులోనూ ఫీడ్‌బ్యాకులు. పుస్తకాల్లో చూస్తే అది కొరకరాని కొయ్య. ఆవిడ నోట విన్నవాళ్ళు మాత్రం, ఇంతేనా అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు.

"మంచు తెల్లగా ఉంటుంది. దాని మీద పడ్డ ఎండలో ఎక్కువ వంతు తిరిగి పైకే పోతుంది. అలా తిరిగిపోయే వంతునే ఆల్బెడో అంటాం. కొత్తగా పడ్డ మంచుకైతే నూటికి ఎనభై దాకా ఉంటుంది. సముద్రపు నీటికి పదిలోపే. ఇప్పుడు భూమి కాస్త వేడెక్కింది. సముద్రం మీద తేలే మంచు కరిగింది. కింద ఏం బయటపడింది?"

"నీళ్ళు మేడమ్."

"నల్లటి నీళ్ళు. అవి ఎండను మింగుతాయి, వెనక్కి పంపవు. దాంతో ఇంకా వేడెక్కుతుంది. ఇంకా మంచు కరుగుతుంది." చాక్‌పీసు చుట్టూ తిరిగొచ్చి మొదటి గడిని ఠక్కున తాకేది. "ఈ బాణం వెనక్కొచ్చి మొదటి గడిని ముట్టుకోవాలి. ముట్టుకోలేదంటే మీరు రాసింది ఫీడ్‌బ్యాక్ కాదు, ఉత్త సంగతుల వరస. దిద్దేవాళ్ళు సగం మార్కులు అక్కడే కోస్తారు. ఇంకోటి, దీన్ని పాజిటివ్ అన్నారు కదా అని మంచిది అనుకునేరు. మొదలైన మార్పును పెంచేది పాజిటివ్, తగ్గించేది నెగెటివ్. మంచీ చెడూ మీ ఇంట్లో చూసుకోండి."

తర్వాత మణికట్టు చూపించేది. "పది మార్కుల ప్రశ్నకు తొమ్మిది నిమిషాలు. కారణం, అడుగులు, తిరిగొచ్చే బాణం, చివర్లో ఆపేది ఏమిటో ఒక వాక్యం. చేతనైతే బొమ్మ. అంతే. తెలిసిందంతా కక్కడానికి అది వాంతుల గిన్నె కాదు."

ఈ మాటకు ప్రతి బ్యాచూ నవ్వేది.

ఆవిడకు ఒక గుణం ఉంది. గుణమే అనుకునేది పాపం. ఎవరైనా అనుమానం అడిగితే తీర్చకుండా వదిలేది కాదు. గంట కొట్టినా, తర్వాతి పాఠం మాస్టారు గుమ్మంలో నిలబడి దగ్గినా సరే. సముద్రం మీది మంచు కరిగితే సముద్రం పొంగుతుందా అని ఒకడు అడిగేవాడు. తేలే మంచు అప్పటికే తన బరువుకు సరిపడా నీటిని పక్కకు నెట్టేసి ఉంటుంది కాబట్టి దానివల్ల పెద్దగా పొంగదు, నేల మీది మంచు కరిగితేనే పొంగుతుందని చెప్పేది. మేఘాలు ఏ పక్షం అని ఇంకొకతె అడిగేది. కొన్ని ఎండను అడ్డుకుంటాయి, కొన్ని కింది వేడిని పట్టి ఉంచుతాయి, అందుకే లెక్క తేల్చడం కష్టమని చెప్పేది. ఏటా అవే అనుమానాలు, వేరే వేరే నోళ్ళు. అవన్నీ ఆవిడ బుర్రలో వరసగా పేరుకుపోయాయి. ఒక్క వాక్యం చెప్పబోతే నాలుగు చేతులు లేచినట్టు కనిపించేది.

ఇంత చెప్పే మనిషి తను కూడా వాళ్ళు రాసే ఉద్యోగ పరీక్షే రాస్తోందన్న సంగతి పిల్లల్లో చాలామందికి తెలియదు. ప్రతిసారీ గట్టు దాకా వచ్చి జారేది. ఒకసారి వ్యాసం ముంచింది, ఒకసారి జ్వరం, ఒకసారి ఎందుకు పోయిందో తెలియనే లేదు. ఈ ఏడాదితో వయసు హద్దు దాటిపోతుంది. ఇక దరఖాస్తు కూడా తీసుకోరు.

దానికి తోడు, గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నట్టు, సెంటరు యజమాని పిలిచి చల్లగా ఒక మాట చెప్పాడు. వచ్చే బ్యాచు నుంచి భూగోళం వీడియోల్లోనే. ఆవిడ పాఠాలన్నీ ఇదివరకే కెమెరాలోకి ఎక్కించారు కదా, అవి చాలు.

"మళ్ళీ మళ్ళీ అదే చెప్పే శ్రమ మీకెందుకు మేడమ్? చక్కగా చెప్పారు. పదేళ్ళు వాడుకోవచ్చు," అన్నాడు.

మెచ్చుకున్నాడో, మెడ కోశాడో మెట్లు దిగేదాకా ఆవిడకు అర్థం కాలేదు. కిందికి వచ్చాక, టైల్స్ షాపు అద్దాల ముందు నిలబడి లెక్క వేసుకుంది. పరీక్ష గట్టెక్కకపోతే ఉద్యోగం రాదు. ఉన్న పనీ ఉండదు. నలభై దాటిన మనిషికి బోర్డు మీద బాణాలు గీయడం తప్ప ఇంకే పనీ రాదు.

ఇంట్లో తమ్ముడు, తమ్ముడి భార్య. తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు. మరదలు మందుల షాపులో కౌంటరు దగ్గర నిలబడి పనిచేస్తుంది. ఆడపడుచూ మరదలూ ఒక వంటింట్లో ఉంటే మూడో రోజుకు పొగ రాకుండా ఉండదని లోకం మాట. ఈ ఇంట్లో మాత్రం పొగ వచ్చేది పెనం మీద రొట్టె మాడిపోవడం వల్లే. ఆవిడ పాఠం చెబుతూ, మరదలు వింటూ, పొయ్యి సంగతి ఇద్దరూ మర్చిపోయేవాళ్ళు. ఎందుకంటే ఆ ఏడాది మరదలు కూడా అదే పరీక్షకు దరఖాస్తు పెట్టింది. మొదటిసారి. సరదాకు అన్నట్టే పెట్టింది గానీ, మెల్లగా ఆమెకు చదువు పట్టుకుంది.

పరీక్షకు ముందు ఒక సాయంత్రం మరదలు గిన్నెలు తుడుస్తూ అడిగింది. "వదినా, మంచు సంగతి అర్థమైంది. ఆవిరి దగ్గరే తికమకగా ఉంది. నీటి ఆవిరే అన్నిటికంటే పెద్ద గ్రీన్‌హౌస్ వాయువు అన్నావు. మరి అందరూ కార్బన్ డయాక్సైడ్ మీద పడి ఏడుస్తారెందుకు?"

"నువ్వు ఇప్పుడే బోలెడంత ఆవిరిని గాలిలోకి వదిలావనుకో. ఏమవుతుంది?"

"మబ్బు పడుతుంది. వాన పడుతుంది."

"అంతే. పది రోజుల్లోపే తిరిగి కింద పడుతుంది. గాలి ఎంత ఆవిరి పట్టుకోవాలో గాలి వేడే నిర్ణయిస్తుంది. అందుకే ఆవిరి తనంతట తను మొదలుపెట్టలేదు. కార్బన్ డయాక్సైడ్ అలా కాదు, వందల ఏళ్ళు పైనే ఉంటుంది. అది మొదట కాస్త వేడి పెంచుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని పట్టగలదు. నేల నుంచి పైకి పోయే వేడిని ఆ ఆవిరి పట్టి ఉంచుతుంది. దాంతో ఇంకా వేడి, ఇంకా ఆవిరి. మొదలుపెట్టేది అది, రెట్టించేది ఇది. కార్బన్ ఒక్కటే తెచ్చే వేడిని ఆవిరి దాదాపు రెట్టింపు చేస్తుంది."

"అయితే ఇక ఆగదా? మనం ఉడికిపోతామా?"

"లేదు. ఏ వస్తువైనా వేడెక్కేకొద్దీ ఎక్కువ వేడిని బయటికి పంపుతుంది. భూమీ అంతే. అది బ్రేకు. అందుకని వేడి పెరుగుతుంది గానీ హద్దూ అదుపూ లేకుండా పరుగెత్తదు. ఈ వాక్యం చివర్లో రాస్తే దిద్దేవాడికి నీ మీద గురి కుదురుతుంది."

మరదలు పెదవులు కదుపుతూ తనలో తను అనుకుంది. నాలుగు ముక్కల్లో తేల్చి, "ఇంత చాలా?" అంది.

"ఇంకా చాలా ఉంది," అంది ఆవిడ ఉత్సాహంగా. నేల తడి సంగతి, మేఘాల సంగతి ఎత్తుకుంది. తమ్ముడు హాల్లోంచి, "అక్కా, భూమి చల్లబడేలోపు అన్నం పెడతారా?" అని అరిచేదాకా ఆపలేదు.

పరీక్ష రోజు ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళారు. హాలు ఒకటే. ఆవిడ కిటికీ పక్క వరసలో, మరదలు నాలుగు బల్లల వెనక. ప్రశ్నపత్రం చేతికి వచ్చింది. మొదటి ప్రశ్నను ఆవిడ రెండుసార్లు చదివింది. మంచు-ఆల్బెడో, నీటి ఆవిరి ఫీడ్‌బ్యాకులను వివరించండి, భూతాపాన్ని అవి ఎలా పెంచుతాయో తెలపండి. పది మార్కులు.

వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే. ఇన్నేళ్ళు కాళ్ళరిగేలా తిరిగినందుకు దేవుడు ఇవాళ తలుపు తీశాడనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కలం తీసింది.

కారణం రాసింది. అడుగులు రాసింది. గడులు గీసింది, బాణాన్ని తిప్పుకొచ్చి మొదటి గడికి ముట్టించింది. అక్కడికి ఆపి ఆవిరి సంగతికి పోవాలి. కానీ సముద్రం మట్టం పెరుగుతుందా అని వెనక బల్ల నుంచి ఎప్పుడో అడిగిన పిల్లవాడు గుర్తొచ్చాడు. దిద్దేవాళ్ళకు కూడా ఆ అనుమానం వస్తే? రెండు వాక్యాలు చేర్చింది. ఆవిరి దగ్గరికి వచ్చేసరికి అన్ని చేతులూ లేచాయి. ఆవిరి ఎందుకు మొదటి కారణం కాదు, ఎన్నాళ్ళు గాలిలో ఉంటుంది, మేఘాలు ఏ పక్షం. ఒక్కొక్క చెయ్యినీ దింపుతూ పోయింది. రెండో బొమ్మ గీసింది. మొదటి బొమ్మ కాస్త వంకరగా ఉందనిపించి దాన్ని స్కేలుతో మళ్ళీ గీసింది. అదనపు కాగితం అడిగి తీసుకుంది. అంత బాగా ఆ పాఠం ఆవిడ ఎన్నడూ చెప్పలేదు. తను పరీక్ష హాల్లో ఉన్న సంగతి మరిచిపోయింది. పరీక్షలకు పాఠాలు చెప్పేవాళ్ళు తప్ప ఇంకెవరూ ఇలాంటి తప్పు చెయ్యరు. తెలియనివాడు తెలిసినంత రాసి ముందుకు పోతాడు.

"గంట అయిపోయింది, ఇంకా రెండు గంటలే," అన్నాడు కాపలా ఉన్న ఆయన.

ఆవిడ తలెత్తింది. ఒకటో ప్రశ్న కింద గీత కొట్టి ఒక నిమిషమైనా కాలేదు. పంతొమ్మిది ప్రశ్నలు మిగిలాయి. మణికట్టు మీద గడియారం ఉంది. మొదలుపెట్టినప్పటి నుంచి దాని మొహం చూడలేదు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డదట. ఆవిడకు ఈ సామెత అప్పుడు గుర్తు రాలేదు. ఆవిడకు ఏమీ గుర్తు రాలేదు. రెండో ప్రశ్న నదుల మీద, తనకు బాగా వచ్చినదే. తొందరగా రాయబోయింది. అక్షరం పాడైందని కొట్టేసి మళ్ళీ రాసింది. దానికి సమయం పోయింది. సమయం పోయిందని భయం పెరిగింది, భయానికి చెయ్యి ఇంకా ఆలస్యం చేసింది. ఏం జరుగుతోందో ఆవిడకు బాగా తెలుసు. బాణం ఎటు నుంచి ఎటు పోతోందో బొమ్మ గీసి చూపించగలదు. ఆపేది ఏదో మాత్రం దొరకలేదు. కిటికీలోంచి దూకి పారిపోవాలనిపించింది. వెనక మరదలి కలం చకచకా కాగితం మీద పోతూనే ఉంది.

ఆ తర్వాత అరకొరగా గబగబా రాసుకుంటూ పోయినా, గంట కొట్టి కాగితాలు లాక్కునేసరికి చివరి అయిదు ప్రశ్నలూ తెల్లగా ఉన్నాయి.

బస్సులో మరదలు హుషారుగా ఉంది. "వదినా, మొదటి ప్రశ్న చూశావా? నువ్వు చెప్పిందే వచ్చింది. నాలుగు ముక్కల్లో రాసేసి బొమ్మ గీశాను, అంతే. మేఘాల సంగతి రాయలేదు. తప్పా?"

"తప్పు కాదు," అంది ఆవిడ.

"నువ్వయితే చింపేసి ఉంటావు."

"ఆ. చింపేశాను."

ఆ రాత్రి అన్నం తినలేదు. తలనొప్పి అంది. తమ్ముడు మాత్ర తెచ్చి మంచం పక్కన పెట్టాడు. తర్వాతి వారాలు సెంటరుకు వెళ్ళి చివరి బ్యాచుకు మిగిలిన పాఠాలు చెప్పింది. అదే బోర్డు, అవే బాణాలు. తొమ్మిది నిమిషాల మాట మాత్రం నోట రాలేదు. పిల్లల్లో ఒకతె అడిగింది కూడా, వాంతుల గిన్నె జోకు ఎప్పుడు వేస్తారు మేడమ్ అని. ఆవిడ బోర్డు వైపు తిరిగి తుడుపుగుడ్డ వెతుక్కుంది.

ఫలితాల్లో మరదలి నంబరు ఉంది. ఇంటర్వ్యూకు పిలిచారు. ఆవిడ నంబరు లేదు. తమ్ముడు ఫోనులో జాబితాను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జరుపుతూనే ఉన్నాడు, ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది లాగితే వస్తుందన్నట్టు. కొన్నాళ్ళకు మార్కుల వివరం వచ్చింది. అయిదు మార్కుల తేడాతో పోయింది. వదిలేసిన ప్రశ్నల్లో ఒక్కదానికి సగం రాసినా చాలేది. మొదటి ప్రశ్నకు పదికి పది ఇచ్చారు. ఆ సెంటరు చరిత్రలో ఎవరికీ పదికి పది రాలేదు. మరదలికి ఆరున్నర.

"పదికి పది," అన్నాడు తమ్ముడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"పది మార్కుల ప్రశ్నకు పదకొండు ఇవ్వరురా," అంది ఆవిడ. అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. పోయిన ఉద్యోగానికి కాదు. ఇన్నేళ్ళ బతుకులో తనకు బాగా వచ్చిన పని ఒక్కటే ఉంది, అది కూడా తనను కరిచిందే అని ఏడ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఎవరైనా అన్యాయం చేసి ఉంటే ఎంత సుఖంగా ఉండేదో.

మర్నాడు పొద్దున మరదలు వంటింట్లో నిలబడి, స్టవ్ వైపే చూస్తూ చెప్పింది. "నేను ఇంటర్వ్యూకి వెళ్ళను వదినా."

"ఏం?"

"నీ చదువు తీసుకెళ్ళి నేను అమ్ముకున్నట్టుంది. నా మనసు ఒప్పుకోవడం లేదు. వెళ్ళి కూర్చుంటే నోరు పెగలదు."

ఆవిడకు అంత కోపం ఎన్నడూ రాలేదు. గిన్నె ఎత్తి గట్టు మీద ఠప్పున పెట్టింది. "నువ్వు వెళ్ళకపోతే నాకు ఇస్తారా ఆ ఉద్యోగం? ఇద్దరం కలిసి మునిగితే ఎవరికి పుణ్యం? కూర్చో."

"వదినా..."

"కూర్చో అన్నాను."

మరదలు కూర్చుంది. ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని, ఇంటర్వ్యూ బోర్డులో పెద్దమనిషిలా వెనక్కి వాలింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. జుట్టు దువ్వుకోలేదు. గొంతు మాత్రం క్లాసు గొంతే.

"నీటి ఆవిరే పెద్ద గ్రీన్‌హౌస్ వాయువు కదా. మరి కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించమని ఎందుకంటున్నారు?"

మరదలు ముక్కు తుడుచుకుంది. తర్వాత చెప్పింది. "ఆవిరి గాలిలో కొద్ది రోజులే ఉంటుందండి. ఎంత ఉండాలో వేడే నిర్ణయిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్ళు ఉండి వేడిని మొదలుపెడుతుంది, ఆవిరి దాన్ని రెట్టిస్తుంది. మొదలుపెట్టేదాన్ని తగ్గిస్తే రెట్టించేది కూడా తగ్గుతుంది."

జవాబు అక్కడితో అయిపోయింది. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. మరదలు ఇంకా చెప్పాలేమోనని బెదురుగా ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడ నాలుక చివర మేఘాలు, నేల తడి, ఏడు శాతం, అన్నీ తోసుకుంటూ వచ్చి నిలబడ్డాయి. ఆవిడ రెండు చేతులతో కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"చాలు," అంది. "అక్కడే ఆపు. వాళ్ళు అడిగేదాకా ఇంకేమీ చెప్పకు."

"ఏడుస్తున్నావు వదినా."

"ఏడుస్తాను. నా ఏడుపు నేను ఏడుస్తాను. నువ్వు తర్వాతి ప్రశ్నకు చెప్పు," అని, కొంగుతో మొహం తుడుచుకోకుండానే మంచు సంగతి అడిగింది.